ముందు చక్రం దూర్చలేని కారు

మా బావగారు కొత్తగా కొన్న కారులో ‘లెవెల్ 2’ ఉంది. గుంటూరు నుంచి విజయవాడ వస్తుంటే కాజ టోల్‌గేటు దాటాక ఆయన దాని బటన్ నొక్కారు. చేతులు స్టీరింగ్ మీదే ఉన్నా, కారు తనంతట తానే ముందున్న లారీకి దూరం పాటిస్తూ, గీతల మధ్యలో నిలకడగా మంగళగిరి దాటింది. వారధి దిగి, బెంజ్ సర్కిల్ దగ్గర ఫ్లైఓవర్ ఎక్కకుండా కింది రోడ్డు పట్టుకున్నాక కథ మారింది. ముందున్న ఆటోకీ మాకూ మధ్య ఉన్న ఖాళీలోకి ఒక బైకు వచ్చింది. కారు బ్రేకు వేసింది. ఇంకో బైకు, ఇంకో బ్రేకు. మూడోసారికి వెనక కూర్చున్న అక్క చేతిలోని టిఫిన్ డబ్బా కింద పడింది. బావగారు బటన్ ఆపేశారు.

కారులో లోపమేమీ లేదు. గంటకు 30 కిలోమీటర్ల వేగంలో బండి సెకనుకు సుమారు 8 మీటర్ల చొప్పున పోతుంది. ముందు బండికి రెండు సెకన్ల దూరం పాటించమని దానికి చెబితే, 16 మీటర్లు వదులుతుంది. బైకు పొడవు రెండు మీటర్లు. బెంజ్ సర్కిల్ కింద 16 మీటర్ల ఖాళీ అంటే రమ్మని పిలిచినట్టే. బైకు దూరగానే కారు మళ్లీ తన దూరం కోసం వెనక్కి తగ్గుతుంది, ఆ తగ్గిన చోటులోకి ఇంకొకరు వస్తారు. దూరాన్ని ఒక్క సెకనుకు కుదించినా 8 మీటర్లు మిగులుతాయి. అది కూడా మన దగ్గర ఎక్కువే.

ఇక్కడ లెవెల్ అనే మాట గురించి చెప్పాలి, ఎందుకంటే చాలామంది దాన్ని కారు తెలివికి వేసిన మార్కులు అనుకుంటున్నారు. అమెరికాలోని ఆటోమోటివ్ ఇంజినీర్ల సంఘం ఎస్‌ఏఈ 2014లో జె3016 అనే పత్రంలో సున్నా నుంచి అయిదు దాకా ఆరు మెట్లు నిర్వచించింది. ఆ అంకె ప్రధానంగా చెప్పేది, ఏ పని ఎవరిది అన్నది. లెవెల్ 2లో స్టీరింగ్, వేగం రెండూ కారు చూసుకుంటుంది, కానీ రోడ్డును కనిపెట్టుకుని ఉండాల్సింది మనిషే. లెవెల్ 3లో నడపడం కారుదే, అది పిలిచినప్పుడు మాత్రం మనిషి అందుకోవాలి. లెవెల్ 4కి మనిషి అక్కర్లేదు, ఏదైనా తేడా వస్తే తనే క్షేమంగా ఆగుతుంది. లెవెల్ 5 అంటే మనిషి నడపగలిగే రోడ్లన్నిటి మీదా నడవడం. అలాంటి కారు ఇంకా ఎక్కడా లేదు.

లెవెల్ 3కీ 4కీ ఒక షరతు ఉంది. ఏ రోడ్లు, ఏ వేగం, ఏ వాతావరణం అని ముందే హద్దు గీసుకుని, ఆ హద్దులోనే కారు నడుస్తుంది. 2020 అక్టోబర్ నుంచి ఫీనిక్స్ శివార్లలో వేమో సంస్థ డ్రైవర్ లేని ట్యాక్సీలను జనానికి అందుబాటులోకి తెచ్చింది. అది లెవెల్ 4. అదే కారును విజయవాడలో ఎప్పుడూ రద్దీగా ఉండే బీసెంట్ రోడ్డు మొదట్లో నిలబెడితే దాని హద్దు బయట నిలబెట్టినట్టే. ఈ చిన్న సంగతి తెలియకపోవడం వల్లే ‘అక్కడ నడుస్తోంది కదా, ఇక్కడికి ఎప్పుడొస్తుంది’ అన్న ప్రశ్న పుడుతోంది.

హద్దు గీసుకునే పద్ధతి లెవెల్స్ కంటే పాతది. 2007 నవంబర్‌లో అమెరికా రక్షణ పరిశోధన సంస్థ డార్పా, కాలిఫోర్నియాలో మూతపడిన ఒక వైమానిక స్థావరంలో డ్రైవర్ లేని కార్ల పోటీ పెట్టింది. కార్నెగీ మెలన్ విశ్వవిద్యాలయం వాళ్ల ‘బాస్’ గెలిచింది. రోడ్డు మీద వేరే కార్లు కూడా ఉన్నాయి, కానీ వాటిని నడిపింది శిక్షణ ఉన్న డ్రైవర్లు. పాదచారులు లేరు. అందరూ రూల్ పాటించే ఊరు అది.

బయటి ఊళ్లోకి వచ్చాక 2009లో గూగుల్ కారు ఒక నాలుగు రోడ్ల కూడలిలో ఇరుక్కుపోయింది. సిగ్నల్ లేని అలాంటి కూడళ్లలో ముందుగా వచ్చి ఆగినవాళ్లు ముందు వెళ్లాలని అక్కడి రూలు. మిగతా డ్రైవర్లు పూర్తిగా ఆగకుండా కొంచెం కొంచెం ముందుకు జరుగుతూనే ఉన్నారు. వాళ్లు ఆగితే పోదామని కారు చూస్తూనే ఉండిపోయింది.

ఎందుకిలా అవుతుందో 2010లో పీటర్ ట్రాట్‌మన్, ఆండ్రియాస్ క్రాస్ అనే ఇద్దరు పరిశోధకులు వివరించారు. వాళ్లు చూసింది మనుషుల గుంపులో నడిచే రోబోను. అది చుట్టూ ఉన్న ఒక్కొక్కరూ కాసేపట్లో ఎక్కడ ఉంటారో విడివిడిగా ఊహిస్తుంది. మన రోడ్డుకు అన్వయిస్తే, 20 కిలోమీటర్ల వేగంతో వచ్చే బైకు మూడు సెకన్లలో దాదాపు 17 మీటర్లు పోతుంది. కుడికి పోవచ్చు, ఎడమకు పోవచ్చు. అలాంటి పది బళ్లు పోగలిగిన చోట్లన్నీ గుర్తు పెట్టుకుంటే రోడ్డంతా నిండిపోతుంది. ఖాళీ లేదు కాబట్టి కదలకపోవడమే క్షేమమని రోబో తేల్చుకుంటుంది. ఊహ ఎంత కచ్చితమైనా ఈ చిక్కు పోదని వాళ్లు చూపించారు. రోబో వదిలేసిన సంగతి ఒక్కటే: నేను కదిలితే ఎదుటివాళ్లూ సర్దుకుంటారు.

మన ఆటో డ్రైవర్లకు ఇది పరిశోధన చేస్తే తెలిసింది కాదు. ఏలూరు రోడ్డులో ఒకసారి సందులోంచి మెయిన్ రోడ్డెక్కుతూ ఆటో అతను నాతో అన్నాడు: “ఆగితే ఇక్కడే ఉంటామండి. ముందు చక్రం దూర్చాలి, అప్పుడు ఆగుతారు.”

మరి కారుకూ చక్రం దూర్చడం నేర్పితే సరిపోదా? ఎదుట ఉన్నది ఏమిటో సరిగ్గా తెలియకపోతే అదే ప్రాణం తీస్తుంది. 2018 మార్చిలో అరిజోనాలోని టెంపేలో ఉబర్ పరీక్షిస్తున్న కారు, రాత్రిపూట సైకిల్ నడిపించుకుంటూ రోడ్డు దాటుతున్న ఒక మహిళను ఢీకొట్టింది. ఆమె చనిపోయారు. ఢీకొనడానికి 5.6 సెకన్ల ముందే సెన్సర్లు ఆమెను పట్టాయని దర్యాప్తులో తేలింది. కానీ సాఫ్ట్‌వేర్ ఆమెను ఒకసారి వాహనమనీ, ఒకసారి గుర్తు తెలియని వస్తువనీ, ఒకసారి సైకిలనీ మార్చి మార్చి రాసుకుంది. పేరు మారిన ప్రతిసారీ అప్పటిదాకా ఆమె నడిచిన దారిని లెక్కలోంచి తీసేసింది. పర్యవేక్షణకు కూర్చున్న మనిషి చూపు రోడ్డు మీద లేదు.

బీసెంట్ రోడ్డులో తోపుడు బండి నెట్టుకుంటూ వచ్చే జామకాయల మనిషిని తలుచుకోండి. అతను పాదచారా, వాహనమా? ఇలాంటి ప్రశ్నల కోసమే హైదరాబాద్ ట్రిపుల్ ఐటీ, ఇంటెల్ కలిసి హైదరాబాద్, బెంగళూరు, వాటి శివార్లలో తీసిన పది వేల ఫొటోలకు 34 రకాల పేర్లు పెట్టి కార్ల శిక్షణ కోసం విడుదల చేశాయి. అందులో ఆటోకు విడిగా పేరుంది, జంతువులకు ఉంది. ఏ పేరూ సరిపోని బండికి vehicle fallback అని, రోడ్డు కాకపోయినా బండి పోగలిగే నేలకు drivable fallback అని పెట్టారు. మన రోడ్లను దగ్గరగా చూసినవాళ్లు పెట్టిన పేర్లివి. నాకు చాలా నచ్చాయి.

పేరు దొరికినా ఇంకో సగం మిగిలే ఉంటుంది. ఆ రోజు బటన్ ఆపేశాక బందరు రోడ్డులోకి తిరుగుతుంటే, ఎడమ నుంచి ఒకమ్మాయి స్కూటీ మీద వచ్చింది. ఎండకు ముఖమంతా చున్నీ చుట్టుకుంది, పైన కళ్లజోడు. మమ్మల్ని చూసిందో లేదో ముఖం చూసి చెప్పలేం. బావగారు ముఖం వైపు చూడనేలేదు. ఆమె ముందు చక్రాన్ని, కాలును చూశారు. చక్రం కాస్త ఎడమకు తిరిగింది, కాలు నేలకు ఆనింది. ఆయన కారు ముందుకు పోనిచ్చారు.