స్కాన్ నార్మల్, నొప్పి మాత్రం నెలల తరబడి: వృషణాల నొప్పిపై అపోహలు - వాస్తవాలు

వృషణంలో నొప్పి మూడు నెలలు దాటి, ఆగకుండానో వచ్చిపోతూనో ఉండి, పనికీ నిద్రకీ అడ్డుపడుతుంటే దాన్ని క్రానిక్ ఆర్కియాల్జియా అంటాం. అది నొప్పికి పెట్టిన పేరే గానీ కారణం పేరు కాదు. ఈ తేడా మర్చిపోవడం వల్లే చాలామంది ఒక డాక్టరు నుంచి ఇంకో డాక్టరు దగ్గరికి అదే రిపోర్టు పట్టుకుని తిరుగుతుంటారు.

చెప్పుకోవడానికి వీలుగా ఒక ఉదాహరణ తీసుకుందాం. విజయవాడలో అకౌంట్స్ పని చేసే 34 ఏళ్ల మనిషి. పెళ్లయింది, ఒక పాప. ఎడమ వైపు ఏడు నెలలుగా లాగుతున్నట్టు నొప్పి. డాప్లర్ స్కాన్ రెండుసార్లు తీయించాడు. మొదటిది పూర్తిగా నార్మల్. రెండోదాంట్లో "గ్రేడ్ 1 వేరికోసీల్", అంటే వృషణం పైన సిరలు కొద్దిగా ఉబ్బాయి, అని ఒక లైను అదనంగా వచ్చింది. ఈలోపు మూడు కోర్సుల యాంటీబయాటిక్స్ అయిపోయాయి.

అపోహ: స్కాన్‌లో ఏమీ లేదంటే నొప్పి మనసులోదే

స్కాన్ చూపించేది ఆకారాన్నీ రక్తప్రసరణనీ. గడ్డ, నీరు చేరడం (వరిబీజం), మెలిపడటం, వాపు ఉంటే పట్టిస్తుంది. నరం చిరాకు పడుతోందా, కండరం బిగుసుకుపోయిందా అనేది అందులో కనపడదు. కాబట్టి నార్మల్ రిపోర్టు చెప్పేది ఒకటే: భయపడాల్సిన జబ్బులు చాలావరకు పక్కకు పోయాయి. క్యాన్సర్ భయం ఉన్నవాళ్లకు ఇది పెద్ద ఊరటే. నొప్పి లేదని మాత్రం ఆ రిపోర్టు ఎక్కడా చెప్పదు.

వృషణం పుట్టుకకు ముందు కడుపులో, మూత్రపిండాల దగ్గర తయారై కిందికి దిగుతుంది. దిగేటప్పుడు తన నరాలను వెంట తెచ్చుకుంటుంది. అందుకే మూత్రనాళంలో ఇరుక్కున్న రాయి నొప్పి వృషణంలో తెలుస్తుంది. నడుము పైభాగంలో నరం నొక్కుకున్నా, గజ్జల్లో హెర్నియా ఆపరేషన్‌కు వేసిన మెష్ దగ్గర నరం ఇరుక్కున్నా అంతే. తిత్తి వెనక భాగానికి వచ్చే నరం కటి నుంచి, అంటే తుంటి ఎముకల మధ్య భాగం నుంచి, వస్తుంది కాబట్టి కటి కండరాల బిగుతు కూడా అక్కడే నొప్పిగా తెలుస్తుంది. నొప్పి తెలిసే చోటు ఒకటి, పుట్టే చోటు ఇంకొకటి.

అందుకే మంచి పరీక్షకు స్కాన్ గదిలో కంటే డాక్టరు గదిలో ఎక్కువ సమయం పడుతుంది. నిలబెట్టి, పడుకోబెట్టి, దగ్గించి చూడాలి. మొదట నొప్పి లేని వైపు, తర్వాత నొప్పి ఉన్న వైపు: వృషణం, దాని వెనక వీర్యకణాలు నిలవుండే గొట్టం ఎపిడిడిమిస్, నరాలూ రక్తనాళాలూ పైకి వెళ్లే తాడు విడివిడిగా పట్టుకుని చూడాలి. ఆ తర్వాత మలద్వారం ద్వారా వేలితో ప్రోస్టేట్‌నీ, రెండు పక్కలా ఉండే కటి కండరాలనీ నొక్కి చూడాలి. సిగ్గుపడో, టైం లేకో ఎక్కువగా వదిలేసేది ఈ చివరి మెట్టునే.

మన ఉదాహరణలోని మనిషిని ఎవరూ అడగని ప్రశ్నలు మూడు. కూర్చుంటే పెరుగుతుందా? మలబద్ధకం ఉన్న రోజు ఎలా ఉంటుంది? స్ఖలనం తర్వాత గంట, రెండు గంటలకు ఎలా ఉంటుంది? మూడింటికీ జవాబు "పెరుగుతుంది" అనుకుందాం. వృషణాన్ని నేరుగా నొక్కితే పెద్దగా నొప్పి లేదు, లోపల ఎడమ వైపు కటి కండరాన్ని నొక్కితే మాత్రం "ఇదే సార్, ఇదే నొప్పి" అంటాడు. ఏడు నెలలుగా స్కాన్‌లో వెతికింది వేలికి దొరికింది.

అపోహ: ఇన్‌ఫెక్షన్ ఇంకా పోలేదు, మరో కోర్సు వాడితే తగ్గుతుంది

ఇన్‌ఫెక్షన్ ఉంటే జాడ ఉంటుంది. మూత్ర పరీక్షలో చీము కణాలు, కల్చర్‌లో క్రిమి, మంట, జ్వరం, ఎపిడిడిమిస్ ఉబ్బి ముట్టుకోనివ్వకపోవడం. వీటిలో ఏదీ లేకుండా నొప్పి ఒక్కటే ఉంటే యాంటీబయాటిక్ ఎన్ని కోర్సులు వాడినా తగలాల్సిన చోట తగలదు. వాడిన వారం కొంచెం తగ్గినట్టుంటుంది, నిజమే. ఈ నొప్పికి ఎలాగూ ఎక్కువ తక్కువలు ఉంటాయి. బాగా ఎక్కువైనప్పుడే మందు మొదలుపెడతాం కాబట్టి తగ్గిన పేరు మందుకు వస్తుంది.

ఇక్కడ ఎక్కువగా రాసే సిప్రోఫ్లాక్సాసిన్, లీవోఫ్లాక్సాసిన్ రకం మందులు స్నాయువులను, నరాలను దెబ్బతీయగలవు. నరం నొప్పి ఉన్నవాడికి ఊరికే ఇవ్వాల్సినవి కావు. మన దగ్గర మాత్రం ఒక జాగ్రత్త ఉంది. ఎపిడిడిమిస్ గట్టిపడి పూసల్లా తగులుతూ, మూత్రంలో చీము ఉండి మామూలు కల్చర్‌లో ఏమీ రాకపోతే టీబీ కోసం చూడాలి. కోస్తా జిల్లాలవాళ్లలో ఫైలేరియా కూడా గుర్తుండాలి.

"ఒంట్లో వేడి చేసింది", "హస్తప్రయోగం వల్ల" అన్నవాటికి ఆధారం లేదు. బిగుతైన బనియన్ గుడ్డ డ్రాయర్‌తోనో లంగోటీతోనో ఆసరా ఇస్తే కొందరికి ఉపశమనంగా ఉంటుంది. దానికి కారణం వేడి తగ్గడం కాదు, బరువు లాగకపోవడం.

అపోహ: రిపోర్టులో వేరికోసీల్ అని వచ్చింది, ఆపరేషన్ చేస్తే నొప్పి పోతుంది

వందమంది మగవాళ్లను నిలబెట్టి పరీక్షిస్తే పదిహేను మందిదాకా వేరికోసీల్ ఉంటుంది. ఎక్కువమందికి ఏ నొప్పీ ఉండదు. వేరికోసీల్ నొప్పికి ఒక తీరుంది: బరువుగా లాగినట్టు, ఎక్కువసేపు నిలబడినా బరువులెత్తినా పెరిగి, పడుకుంటే తగ్గుతుంది. చేతికి తగిలేంత పెద్దదైతే, నొప్పి ఈ తీరులోనే ఉంటే ఆపరేషన్‌కు అర్థం ఉంది. మన అకౌంటెంట్‌కు కూర్చుంటే పెరుగుతోంది, నడిస్తే తగ్గుతోంది. తీరు కలవలేదు. రిపోర్టులో ఆ ఒక్క లైనును వదిలేయడమే మేలు.

అపోహ: మందులు వాడాను, పని చేయలేదు

ఏ మందు, ఎంత, ఎన్నాళ్లు? చాలామంది వాడింది నొప్పి వచ్చినప్పుడల్లా ఒక పెయిన్ కిల్లర్. మొదటి మెట్టుగా ఇబుప్రోఫెన్, నాప్రాక్సెన్ రకం మందు రెండు నుంచి నాలుగు వారాలు క్రమంగా ఇస్తాం, కిడ్నీ, అల్సర్ ఇబ్బంది లేకపోతే. దానితో లాభం లేకపోతే అదే కొనసాగించకూడదు.

రెండో మెట్టు నరాల నొప్పి మందులు. అమిట్రిప్టిలిన్ 10 మిల్లీగ్రాములు, రాత్రి పడుకోవడానికి గంట, రెండు గంటల ముందు. వారానికో మెట్టు చొప్పున 25కి, అవసరమైతే 50కి. నాలుగు నుంచి ఆరు వారాలు గడవకుండా "పని చేయలేదు" అనడానికి లేదు. గుండె లయ, గ్లాకోమా, మూత్రం ఆగే ఇబ్బంది ఉంటే ముందే చెప్పాలి. నోరు ఎండుతుంది, పొద్దున మగతగా ఉంటుంది, మలబద్ధకం వస్తుంది. కటి కండరాల నొప్పి ఉన్నవాళ్లకు ఆ మలబద్ధకమే నొప్పి పెంచుతుంది కాబట్టి మొదటి రోజు నుంచే నీళ్లు, పీచు, కావాలంటే ఇసబ్‌గోల్ చూసుకోవాలి. మందుల షాపులో "ఇది డిప్రెషన్ మందు కదా" అనగానే మూడో రోజు మానేసేవాళ్లు ఎక్కువ. ఇంత తక్కువ మోతాదులో అది నరం నుంచి మెదడుకు వెళ్లే నొప్పి సంకేతాన్ని తగ్గించడానికి ఇచ్చేది. సరిపడకపోతే గాబాపెంటిన్‌గానీ ప్రీగాబాలిన్‌గానీ. ఏదైనా ఒక్కసారిగా ఆపకూడదు.

కటి కండరాలు బిగుసుకున్న మనిషికి మందు సగమే. మిగతా సగం ఆ పని తెలిసిన ఫిజియోథెరపిస్టు దగ్గర, వారానికొకసారి, పదీ పన్నెండు సిట్టింగులు. యూట్యూబ్ చూసి కీగెల్స్ మొదలుపెట్టడం ఇక్కడ జరిగే పెద్ద తప్పు. కీగెల్ అంటే బిగించడం. ఇప్పటికే బిగుసుకున్న కండరాన్ని రోజుకు వందసార్లు బిగిస్తే నొప్పి పెరుగుతుంది. ఇతను నేర్చుకోవాల్సింది వదలడం: వెల్లకిలా పడుకుని, మోకాళ్లు మడిచి, పొట్ట పైకి లేచేలా ఊపిరి తీసుకుంటూ మూత్రానికి వెళ్లేటప్పుడు వదిలినట్టు కింది భాగాన్ని వదిలేయడం. పూటకు ఐదు నిమిషాలు. ఆఫీసులో ప్రతి 40 నిమిషాలకు లేచి నడవడం.

అపోహ: ఇక కోయించుకోవడమే

కోత మాట రాకముందు జరగాల్సిన పరీక్ష ఒకటుంది: కార్డ్ బ్లాక్. వృషణం నుంచి వచ్చే నరాలన్నీ గజ్జల్లో ఒక తాడులో కలిసి వెళ్తాయి. ఆ తాడు చుట్టూ మొద్దుబార్చే మందు, 0.25 శాతం బుపివకెయిన్, దాదాపు 20 మిల్లీలీటర్లు, అడ్రినలిన్ కలపకుండా ఎక్కిస్తారు. అడ్రినలిన్ రక్తనాళాలను ముడుచుకునేలా చేస్తుంది, వృషణానికి రక్తం అందించే నాళాలు ఆ తాడులోనే ఉన్నాయి.

ఈ పరీక్ష పనికొచ్చేది సరిగ్గా చేసినప్పుడే. ఆ రోజు పొద్దున పెయిన్ కిల్లర్ వేసుకోకూడదు, నొప్పితోనే రావాలి. నొప్పి లేని రోజు చేస్తే ఏమీ తేలదు. ముందు నొప్పికి పదికి ఎంతో రాసుకుని, ఇంజెక్షన్ తర్వాత అరగంటకు, గంటకు, తర్వాత మొద్దుబారడం పోయేదాకా గంట గంటకూ రాయాలి. మంచం మీద పడుకోకుండా, నొప్పి తెచ్చే పనే చేసి చూడాలి. సగానికి పైగా తగ్గితే నొప్పి ఆ తాడు దారినే వస్తోందని అర్థం. తగ్గకపోతే రెండు అవకాశాలున్నాయి. వృషణం మొద్దుబారలేదంటే మందు తగలాల్సిన చోట తగల్లేదు, మళ్లీ చేయాలి. బాగా మొద్దుబారినా నొప్పి అలాగే ఉంటే నొప్పి మూలం వేరే చోటుంది. మన అకౌంటెంట్‌కు బ్లాక్ చేస్తే ఈ రెండోదే రావచ్చు. అప్పుడు తాడు మీద ఏ ఆపరేషన్ చేసినా వృథా.

బ్లాక్‌తో బాగా తగ్గి, మందులూ ఫిజియోథెరపీ కొన్ని నెలలు చేసినా ఫలితం లేనివాళ్లకు మైక్రోసర్జికల్ డినర్వేషన్ ఉంది. మైక్రోస్కోప్ కింద తాడులోని సన్నటి నరాలను కోసి, ధమనిని, లింఫ్ నాళాలను వదిలేస్తారు. ఇలా ఏరి ఎంచినవాళ్లలో పదిమందిలో ఏడెనిమిది మందికి నొప్పి పోవడమో బాగా తగ్గడమో జరుగుతోంది. ధమని దెబ్బతింటే వృషణం కుంచించుకుపోవచ్చు, లింఫ్ నాళాలు పోతే నీరు చేరవచ్చు. కాబట్టి ఈ ఆపరేషన్‌లో అనుభవం ఉన్న చేతులే కావాలి.

వృషణం తీసేయడం అన్నిటికన్నా చివరిది. తీసేసినా కొందరికి వృషణం లేని ఆ చోట నొప్పి అలాగే మిగులుతుంది. ఎందుకంటే నరం పై భాగం, అది సంకేతాలు పంపే వెన్నుపాము అక్కడే ఉన్నాయి కదా.

ఈ మెట్లేవీ పనికిరాని సందర్భం ఒకటుంది: ఉన్నట్టుండి వచ్చిన తీవ్రమైన నొప్పి, వాంతులు, వృషణం పైకి లాక్కుపోయినట్టుండటం. నెలలుగా నొప్పి ఉన్నవాడికి కూడా మెలి పడవచ్చు. పాత నార్మల్ రిపోర్టు చూసి ఆగకుండా ఆరు గంటల్లోపు ఆపరేషన్ చేయగలిగే ఆసుపత్రికి చేరాలి. కొత్తగా గట్టి గడ్డ తగిలినా, నొప్పి లేకపోయినా సరే, ఆ వారంలోనే చూపించుకోవాలి.