పది గంటల పనిదినం, పదకొండు పనుల పటం

కర్మాగారాల్లో రోజువారీ పని పరిమితిని 9 గంటల నుంచి 10 గంటలకు పెంచాలని ఆంధ్రప్రదేశ్ మంత్రివర్గం 2025 జూన్‌లో నిర్ణయించినప్పటి నుంచి పనిగంటల వివాదం సద్దుమణిగినట్టే ఉండి మళ్లీ మళ్లీ రాజుకుంటోంది. ఉత్పత్తి లైన్ మీద వృథా అవుతున్న సమయాన్ని తగ్గించుకోవాలంటే వెసులుబాటు కావాలని యాజమాన్యాలు అంటాయి. వృథా పేరు చెప్పి పని భారం పెంచుతున్నారని సంఘాలు అంటాయి. అయితే ఆ వృథా ఎక్కడ పుడుతుందో, దానికి బాధ్యులెవరో ఇద్దరిలో ఎవరూ వివరంగా చెప్పరు. ఆ ప్రశ్నకు జవాబు దాదాపు డెబ్బై ఏళ్ల కిందటే కాగితం మీదికి వచ్చింది.

ఫోర్డ్ 1913లో కదిలే లైన్‌ను ప్రవేశపెట్టిన కథ అందరికీ తెలిసిందే కనుక దాన్ని వదిలేద్దాం. ఆ తర్వాత నలభై ఏళ్ల పాటు ఏ పని ఎవరికి అప్పగించాలన్నది ప్రధానంగా ఫోర్‌మన్ కంటి అంచనా మీదే నడిచింది. ఎవరైనా కాసేపు ఖాళీగా కనిపిస్తే అతని చేతికి ఇంకో పని చేర్చేవారు. 1954లో బెంజమిన్ బ్రైటన్ సిద్ధాంత వ్యాసం, 1955లో మెల్విన్ సాల్వెసన్ పరిశోధన పత్రం ఈ పంపకాన్ని గణిత సమస్యగా మార్చాయి. 1956లో జేమ్స్ జాక్సన్ దానికి పరిష్కార పద్ధతి చూపాడు. అసలు మలుపు అక్కడే ఉంది.

జాక్సన్ పేరుతో నేటికీ పాఠాల్లో వాడే ఉదాహరణలో 11 పనులుంటాయి. వాటి సమయాలను నిమిషాలనుకుందాం. 1వ పనికి 6 నిమిషాలు పడుతుంది, అది పూర్తయితే తప్ప ఏదీ మొదలు కాదు. ఆ తర్వాత 2, 3, 4, 5 పనులకు దారి తెరుచుకుంటుంది, వాటి సమయాలు వరుసగా 2, 5, 7, 1 నిమిషాలు. 2 తర్వాత 6వ పని (2), దాని తర్వాత 8 (6), ఆపైన 10 (5) వస్తాయి. మరోవైపు 3, 4, 5 మూడూ పూర్తయ్యాకే 7వ పని (3), దాని తర్వాత 9 (5). రెండు దారులూ చివరికి 11వ పని (4) దగ్గర కలుస్తాయి. పనులను వృత్తాలుగా గీసి, ఏది ముందో ఏది వెనుకో బాణాలతో చూపితే వచ్చేదే ప్రిసిడెన్స్ డయాగ్రమ్. మొత్తం పని 46 నిమిషాలు.

ఇక సైకిల్ టైమ్ అంటే, పూర్తయిన ఒక వస్తువుకూ దాని వెనుక వచ్చే వస్తువుకూ మధ్య లైన్ ఇచ్చే గడువు. అందుబాటులో ఉన్న సమయాన్ని కావలసిన ఉత్పత్తితో భాగిస్తే అది వస్తుంది. లైన్ మీద ఒక్కో కార్మికుడు నిలబడి తనకు అప్పగించిన పనులు చేసే చోటే స్టేషన్, ఏ స్టేషన్ దగ్గరి పనీ ఆ గడువు దాటకూడదు. గడువు 10 నిమిషాలైతే ఐదు స్టేషన్లు సరిపోతాయి: మొదటి దాంట్లో 1, 2, 6, రెండో దాంట్లో 8, 5, మూడో దాంట్లో 3, 10, నాలుగో దాంట్లో 4, 7, ఐదో దాంట్లో 9, 11. వాటి భారాలు 10, 7, 10, 10, 9. ఐదు పదులు యాభై, చేసే పని 46, కనుక వస్తువుకు 4 నిమిషాలు ఖాళీ, అంటే 8 శాతం.

గడువును 7 నిమిషాలకు కుదిస్తే ఏమవుతుందన్నదే ఇక్కడ నిదానంగా చూడవలసిన విషయం. 46ను 7తో భాగిస్తే ఏడు స్టేషన్లు చాలనిపిస్తుంది, అప్పుడు మొత్తం 49 నిమిషాల్లో 3 మాత్రమే ఖాళీగా మిగలాలి. కానీ 11వ పనికి తోడు దొరకదు. దానికి సరిగ్గా ముందున్న 9, 10 పనులు ఐదేసి నిమిషాలవి, 4తో కలిస్తే గడువు దాటుతాయి. అంతకు ముందరి పనిని దేన్ని తెచ్చి కలిపినా మధ్యలో ఉన్న 9 గానీ 10 గానీ అదే స్టేషన్‌లోకి రావాల్సి వస్తుంది. కాబట్టి 11 ఒంటరిగానే ఉండాలి, మిగలాల్సిన 3 నిమిషాలూ అక్కడే ఖర్చయిపోతాయి. అప్పుడు మిగతా స్టేషన్లన్నీ నిండుగా ఉండాలి. 10వ పనికి 2 నిమిషాల తోడు కావాలి, కానీ ఆ కొలత ఉన్న 2, 6 రెండూ 8వ పనికి ముందువి, 8ని దాటించి వాటిని 10తో కలపలేం. కనుక ఎనిమిదో స్టేషన్ తప్పదు. ఖాళీ వస్తువుకు 10 నిమిషాలకు, అంటే దాదాపు 18 శాతానికి పెరుగుతుంది.

లైన్ వేగం పెంచితే ఖాళీ సమయం తగ్గాల్సింది పోయి పెరిగింది. ఇక్కడ ఏ కార్మికుడూ సోమరితనం చూపలేదు. ఖాళీ అనేది బాణాల అమరికకూ, పై నుంచి నిర్ణయించిన గడువుకూ పుట్టిన శేషం. 1961 నాటికి కిల్‌బ్రిడ్జ్, వెస్టర్ ఈ నష్టానికి ‘బ్యాలెన్స్ డిలే’ అనే పేరుతో ప్రత్యేకంగా విశ్లేషణ చేశారు.

ఈ అవగాహన షాపు ఫ్లోరు దాకా చేరలేదనడానికి లార్డ్స్‌టౌన్ సాక్ష్యం. అమెరికాలోని ఒహాయోలో జనరల్ మోటార్స్ వేగా కార్ల కర్మాగారం గంటకు నూరు కార్ల వేగానికి రూపొందింది. మామూలు లైన్ల మీద ఒక కారుకు ఒక నిమిషం వరకు దొరికే చోట ఇక్కడ దొరికింది సుమారు 36 సెకన్లు. 1971లో నిర్వహణ కంపెనీలోని మరో విభాగం చేతికి వెళ్లాక కార్మికులను తగ్గించి, వారి పనులను మిగిలినవారికి పంచారు. అనవసరమైన స్థానాలనే తొలగించామన్నది కంపెనీ వాదన. సుమారు 700 మందిని తీసేశారని, తొలగించిన ప్రతి స్థానం పనీ పక్కవాడి 36 సెకన్లలోకే వచ్చి పడిందని సంఘం చెప్పింది. అంతకుముందు ఇద్దరు జతకట్టి, ఒకరు కాసేపు ఇద్దరి పనీ చేస్తుంటే రెండోవారు ఊపిరి పీల్చుకునే పద్ధతిని కార్మికులే ఏర్పరచుకున్నారు. తమ చేతిలోని ఖాళీని తామే ఒకచోట కూడబెట్టుకున్నారన్నమాట. యాజమాన్యం దాన్నీ అడ్డుకుంది. 1972 మార్చిలో సమ్మె మొదలై మూడు వారాలు సాగింది.

ఇప్పుడు మన వివాదానికి వద్దాం. పైన చూసిన ఐదుగురి లైన్ ఎనిమిది గంటల్లో, విరామాలు పక్కన పెడితే, 48 వస్తువులిస్తుంది. ఆర్డరు 60కి పెరిగిందనుకుందాం. ఎనిమిది గంటల్లోనే 60 కావాలంటే గడువు 8 నిమిషాలు, పటం ప్రకారం ఏడు స్టేషన్లు కావాలి. పదిగంటల రోజైతే పాత ఐదు స్టేషన్లే చాలు, గడువు 10 నిమిషాలే. కాగితం మీద ఏడుగురి లైన్‌లో పనికి వినియోగమయ్యే సమయం 82 శాతం, ఐదుగురి లైన్‌లో 92 శాతం. యాజమాన్యాల చూపు పదిగంటల వైపు మళ్లడానికి ఇదొక కారణం. ఈ లెక్కలో తప్పు లేదు.

తప్పు మూడో దారిలో ఉంది. మనుషులనూ పెంచకుండా, గంటలనూ పెంచకుండా, టార్గెట్ బోర్డు మీద మాత్రం 60 రాసే అలవాటు చాలా లైన్లలో ఉంది. అప్పుడు ఐదు స్టేషన్లలో నాలుగింటి భారం 8 నిమిషాలను దాటుతుంది. స్టేషన్ల ముందు సగం పనైన సరుకు గుట్టలు పడుతుంది, సాయంత్రానికి వచ్చేవి మాత్రం 48 దగ్గరే ఉంటాయి. ఆ తేడా ఆపరేటర్ పేరు మీద లోటుగా నమోదవుతుంది. గుట్ట ఎక్కడ పడిందో చూస్తే బాధ్యత ఎవరిదో తెలుస్తుంది, కానీ షిఫ్టు ముగింపు సమావేశాల్లో ఆ గుట్ట గురించి అడిగేవారు అరుదు. పైగా పనుల సమయాలు సగటులే. పూర్తిగా నిండిన స్టేషన్‌లో ఒక దారం తెగినా, ఒక స్క్రూ జారినా ఆలస్యం కిందికి పాకుతుంది. రెండో స్టేషన్ దగ్గరున్న 3 నిమిషాల ఖాళీ ఆ కుదుపును కొంత మింగుతుంది. దాన్ని పూర్తిగా తుడిచేయాలని చూసేవారు ఈ సంగతిని గుర్తించడం లేదు.

ఇక వేతనం. వారానికి 48 గంటలు దాటిన పనికి చట్టం రెట్టింపు వేతనం ఇవ్వమంటుంది. ఆరు రోజులు పదేసి గంటలు పనిచేసే ఐదుగురికి ఆ లెక్కన 360 గంటల వేతనం ముట్టాలి. ఎనిమిదేసి గంటల ఏడుగురికి అయ్యేది 336 గంటలు. అదనపు రెండు స్టేషన్ల యంత్రాలు, స్థలం ఖర్చు దీనికి చేర్చవలసిందే. అదే ఆ రెట్టింపును ఎగ్గొడితే, ఐదుగురికి అయ్యేది 300 గంటల వేతనమే.