పెద్దత్త రిపోర్టు నాన్నకి చదివి చెప్పేటప్పుడు

అమ్మడూ, బుజ్జీ,

అమలాపురం ల్యాబు నుంచి పెద్దత్త రిపోర్టు మీ ఫోనుకే వచ్చిందనీ, కువైట్‌లో ఉన్న నాన్నకి మీరే చదివి చెప్పారనీ అమ్మ చెప్పింది. చిన్న వయసులోనే ఆ పని నెత్తిన వేసుకున్నందుకు సంతోషం. కానీ సాయంత్రానికల్లా కాలువ గట్టు దాకా "అత్తకి డెంగ్యూ, ప్లేట్‌లెట్లు పడిపోతున్నాయంట" అని పాకింది. అక్కడ నాన్న టెన్షన్ పడి టికెట్లు వెతుక్కుంటున్నాడు. అందుకే ఈ ఉత్తరం. ల్యాబులో పనిచేసి రిటైరైన తాతగా ఆ కాగితంలో ఏముందో చెబుతాను.

ప్లేట్‌లెట్ల వరసలో 1.32 లక్షలు అని ఉంది. పక్కన ఆ ల్యాబు వేసుకున్న రేంజు 1.5 నుంచి 4.1 లక్షలు. దాని పక్కన ఎల్ అనే ఇంగ్లీషు అక్షరం. అక్కడ వేసిన రేంజు కన్నా అంకె కింద ఉందని చెప్పడానికే ఆ అక్షరం. ఎందుకు తగ్గిందో, ఏ జబ్బో ఆ అక్షరం చెప్పదు. వైరల్ జ్వరాల్లో తగ్గొచ్చు, కొన్ని మందుల వల్లా తగ్గొచ్చు. ఊదారంగు మూత ట్యూబులో ప్లేట్‌లెట్లు గుంపులు కట్టినా మిషను వాటిని సరిగా లెక్కపెట్టలేక తక్కువ చూపిస్తుంది. అప్పుడు స్లైడు మీద మైక్రోస్కోపులో చూస్తారు. అలా చూసినట్టు మీ కాగితంలో రాసి ఉంటే ఆ మాట చెప్పండి, లేకపోతే వదిలేయండి.

"పడిపోతున్నాయి" అన్న మాట ఎక్కడి నుంచి వచ్చిందో ఆలోచించండి. నిన్న ఎంత, ఇవాళ ఎంత అని చెప్పాలంటే రెండు రిపోర్టులు కావాలి. మన దగ్గర ఉన్నది ఒక్కటే. ఆ రోజు ఉదయం తీసిన రక్తంలో ఇంత ఉందని మాత్రమే ఆ ఒక్క అంకెతో చెప్పగలం. ఒక్కొక్క ల్యాబు అదే లెక్కని వేలల్లో వేసి 132 అని రాస్తుంది. పక్కన "వేలు" అన్నది వదిలేసి "నూట ముప్పై రెండే ఉన్నాయి" అంటే విన్నవాళ్ళ గుండె ఆగిపోతుంది. అంకె చెప్పినప్పుడల్లా దాని ప్రమాణం కూడా కలిపే చెప్పండి.

ఇక డెంగ్యూ మాట. ఎన్‌ఎస్1 అనే టెస్టుకి ఎదురుగా నెగెటివ్ అని ఉంది. అంటే కాగితంలో ఉన్నది మీరు చెప్పినదానికి పూర్తిగా ఎదురు. అలాగని "డెంగ్యూ లేదంట" అని తిప్పి చెప్పినా తప్పే. ఆ టెస్టు వెతికే పదార్థం జ్వరం వచ్చిన తొలి రోజుల్లో రక్తంలో ఎక్కువగా దొరుకుతుంది, రోజులు గడిచేకొద్దీ దొరక్కపోవచ్చు. అత్తకి జ్వరం ఎప్పుడు మొదలైందో ఆ కాగితంలో ఎక్కడా లేదు. ఆ లెక్క చూసుకోవలసింది డాక్టరుగారు. మీరు "ఎన్‌ఎస్1 నెగెటివ్ అని ఉంది నాన్నా" అని ఆపేయండి. మలేరియా సంగతేమిటని నాన్న అడిగితే, "ఆ టెస్టు ఈ రిపోర్టులో లేదు" అనండి. లేదు అన్న జవాబు కూడా నిజమైన జవాబే.

భయపెట్టకూడదని ఎల్ ఉన్న వరస దాటేసి "అన్నీ బాగానే ఉన్నాయి" అనడం కూడా మన సొంత మాట కలపడమే. అది మరీ ప్రమాదం, ఎందుకంటే విన్నవాళ్ళు నిశ్చింతగా ఊరుకుంటారు. కింద చిన్న అక్షరాల్లో "క్లినికల్ కోరిలేషన్" అని ఒక లైను ఉంది చూడండి. రోగిని చూసిన డాక్టరు, లక్షణాలతో కలిపి ఈ అంకెల్ని చూడాలని దాని అర్థం. చాలామంది అది మామూలుగా వేసే లైనని వదిలేస్తారు. అదీ రిపోర్టులో భాగమే, చదవండి.

రాత్రి నాన్న ఫోన్ చేస్తే ఇలా చెప్పండి: "నాన్నా, ఇది పెద్దత్త పేరుతో ఉన్న రిపోర్టు, రక్తం ఇవాళ ఉదయం తీశారు. ప్లేట్‌లెట్లు 1.32 లక్షలు, వాళ్ళ రేంజు 1.5 నుంచి 4.1, పక్కన ఎల్ అని ఉంది. డెంగ్యూ ఎన్‌ఎస్1 నెగెటివ్. లక్షణాలతో కలిపి డాక్టరు చూడాలని కింద రాశారు. డాక్టరుగారు ఇంకా చూడలేదు." చెప్పే ముందు పేరూ వయసూ అత్తవేనా అని ఒకసారి సరిచూసుకోండి. ఒకే ఇంటిపేరు వాళ్ళ కాగితాలు తారుమారు కావడం ల్యాబుల్లో కొత్తేం కాదు.

ఫొటో పంపేటప్పుడు అంకెల వరకే కత్తిరించకండి. రేంజు గళ్ళూ కింది లైన్లూ పడేలా పేజీ మొత్తం పంపండి. డాక్టరుగారి దగ్గరికి అసలు కాగితమే పట్టుకెళ్ళండి. అత్తకి ఎక్కడైనా రక్తం కారినా, కడుపులో బాగా నొప్పి వచ్చినా, మగతగా ఉన్నా రిపోర్టుతో పనిలేకుండా వెంటనే ఆసుపత్రికి తీసుకెళ్ళమని అమ్మకి చెప్పండి.

మీ తాతయ్య