స్థలం అమ్మిన డబ్బు: ఒకేసారి పెట్టాలా, విడతలుగా పెట్టాలా?

రాజధాని విజయవాడ పరిసరాల్లో వస్తుందని 2014లో ప్రభుత్వం ప్రకటించాక గుంటూరు, విజయవాడ చుట్టుపక్కల స్థలాలు అమ్మినవాళ్ల చేతికి ఒక్కసారిగా పెద్ద మొత్తాలు వచ్చాయి. అలాంటి డబ్బును షేర్ల ఫండ్లలో పెట్టాలనుకున్న ప్రతి ఇంట్లోనూ వచ్చే ప్రశ్న ఇది. నిపుణుల మధ్య మాత్రం ఈ వాదన చాలా పాతది. విడతల పద్ధతి లెక్కప్రకారం మేలైనది కాదని ఆర్థికశాస్త్రవేత్త జార్జ్ కాన్‌స్టాంటినిడెస్ 1979లోనే రాశారు. 2012లో వాన్‌గార్డ్ సంస్థ అమెరికా, బ్రిటన్, ఆస్ట్రేలియా మార్కెట్ల చరిత్రను పరిశీలిస్తే, ఏడాది పాటు విడతలుగా పెట్టడం కంటే ఒకేసారి పెట్టడమే సుమారు మూడింట రెండుసార్లు గెలిచింది. కారణం తేలికే. షేర్లు దీర్ఘకాలంలో సాధారణంగా బ్యాంకు వడ్డీ కంటే ఎక్కువ పెరుగుతాయి కాబట్టి, బయట వేచి ఉన్న డబ్బు ఆ పెరుగుదలను కోల్పోతుంది.

మిగిలిన ఆ మూడో వంతు ఎలా ఉంటుందో మన సెన్సెక్స్‌లోనే చూడొచ్చు. 2008 జనవరి చివర సూచీ 17,649. ఆ రోజే 12 లక్షలు పెట్టినవారికి డిసెంబరు చివర, సూచీ 9,647 దగ్గర, సుమారు 6.56 లక్షలు మిగిలాయి. నెలాఖరున లక్ష చొప్పున పన్నెండు నెలలు పెట్టినవారికి 8.7 లక్షలు ఉన్నాయి. మరుసటి ఏడాది ఇదే లెక్క తలకిందులైంది. 2009 జనవరి చివర ఒకేసారి పెట్టిన 12 లక్షలు డిసెంబరుకు 22.2 లక్షలైతే, విడతలుగా పెట్టినవి 15.9 లక్షల దగ్గరే ఆగాయి. (డివిడెండ్లు, వేచి ఉన్న డబ్బుపై వడ్డీ ఇందులో కలపలేదు.) ఏది 2008, ఏది 2009 అన్నది జనవరిలో ఎవరికీ తెలియదు.

విడతల పద్ధతిని మధ్యలో ఆపేస్తే ఇంకా దెబ్బతింటుంది. 2008 సెప్టెంబరు విడత తర్వాత భయపడి చివరి మూడు లక్షలు చేతిలోనే ఉంచుకున్నవారి దగ్గర 2009 చివరికి మొత్తం 13.2 లక్షలు ఉండేవి. ఆపకుండా పూర్తిచేసినవారి దగ్గర 15.8 లక్షలు. అక్టోబరు నుంచి డిసెంబరు దాకా కొన్న ఆ చవక యూనిట్లే తేడా తెచ్చాయి.

మా అభిప్రాయంలో పడిపోతే తట్టుకోలేమనే భయం ఉంటే విడతలు సరైన మందు కాదు. పదమూడో నెలలో మొత్తం డబ్బు మార్కెట్లోనే ఉంటుంది కదా. షేర్ల వాటానే 12 లక్షల నుంచి 7 లక్షలకు తగ్గించి మిగతాది డిపాజిట్లో ఉంచడం నయం. మొత్తం పెట్టగలిగినా మొదటి అడుగుకే చేయి రాకపోతే మాత్రం విడతలే మేలు. అప్పుడు ముందుగా స్థలం అమ్మకంపై కట్టాల్సిన పన్ను తీసి పక్కన పెట్టాలి. మిగతాది స్వల్పకాలిక రుణపత్రాల్లో పెట్టే లిక్విడ్ ఫండ్‌లో వేసి, ఆరు నెలల నుంచి ఏడాది లోపు పూర్తయ్యేలా ఎస్‌టీపీకి, అంటే అక్కడి నుంచి షేర్ల ఫండ్‌కు విడతలుగా డబ్బు దానంతటదే మారే ఏర్పాటుకు, తేదీ, మొత్తం రాసివ్వాలి. ప్రతి బదిలీ లిక్విడ్ ఫండ్ యూనిట్ల అమ్మకంగానే లెక్కకొస్తుంది, దానిపై లాభం మీ ఆదాయానికి కలిసి శ్లాబు ప్రకారం పన్ను పడుతుంది.