సింగరేణి: ఓటు ఉన్నవారి వేతనం, ఓటు లేనివారి వేతనం

కోల్ ఇండియా కాంట్రాక్టు కార్మికులకు హై పవర్ కమిటీ నిర్ణయించిన హెచ్‌పీసీ వేతనాలను సింగరేణి కాంట్రాక్టు కార్మికులకూ ఇవ్వాలన్న డిమాండ్ మళ్లీ ముందుకు వచ్చింది. ఒకే గనిలో పక్కపక్కన పనిచేసే ఇద్దరి వేతనాల మధ్య ఇంత తేడా ఎందుకు వచ్చిందో తెలియాలంటే కంపెనీ పుట్టుక నుంచి మొదలుపెట్టనక్కరలేదు. 1998లో జరిగిన ఒక ఎన్నిక దగ్గర ఆగి చూస్తే చాలు.

అంతకుముందు ఒక దశాబ్దం పాటు సింగరేణిలో సమ్మె లేని వారం అరుదు. డజన్ల కొద్దీ సంఘాలు ఉండేవి, ఎవరు పిలుపునిచ్చినా ఒక గని ఆగిపోయేది, ఎవరితో ఒప్పందం చేసుకుంటే అందరూ కట్టుబడతారో యాజమాన్యానికి తెలిసేది కాదు. కంపెనీ ఖాయిలా పరిశ్రమల వ్యవహారాలు చూసే బీఐఎఫ్‌ఆర్ గడప తొక్కింది. ఆ పరిస్థితిలో 1998లో రహస్య బ్యాలెట్ పెట్టి, గెలిచిన సంఘంతోనే మాట్లాడే పద్ధతి తెచ్చారు. తొలి ఎన్నికలో ఏఐటీయూసీ గెలిచింది. సమ్మెలు తగ్గాయి, కంపెనీ కోలుకుంది. ఇదంతా నిజమే. అయితే ఓటర్ల జాబితాలో కంపెనీ రోల్స్‌పై ఉన్న పర్మినెంట్ కార్మికులకే చోటు దక్కింది. బేరమాడే హక్కు ఎవరికి ఉంటుందో, ఎవరికి ఉండదో ఆ జాబితాయే తేల్చింది. నేటి వివాదానికి మూలం అక్కడే ఉందని నా అభిప్రాయం.

సంఘం వేతనం పెంచితే ఉద్యోగాలు పోతాయన్న మాట తరచు వింటాం. అది అన్ని చోట్లా నిజం కాదు, అన్ని చోట్లా అబద్ధమూ కాదు. చిన్న లెక్కతో చూద్దాం. ఇందులోని అంకెలు ఊహించినవి. చుట్టుపక్కల వేరే పని దొరకని ఊళ్లో ఒకే యజమాని ఉన్నాడు. రోజుకు 600 రూపాయలకు పదిమంది వస్తారు. పదకొండో మనిషి రావాలంటే కూలి 620 చేయాలి, కానీ ఆ పెంపు అందరికీ ఇవ్వాలి కాబట్టి అతని వల్ల యజమానికి అయ్యే ఖర్చు 620తో పాటు మిగతా పదిమందికి ఇరవై చొప్పున మరో 200, అంటే మొత్తం 820. అతను తవ్వే బొగ్గు విలువ 750 మాత్రమే. అందుకే 620కి రావడానికి సిద్ధంగా ఉన్న మనిషిని కూడా యజమాని తీసుకోడు, పదిమందితోనే ఆగిపోతాడు.

అదే ఊళ్లో యజమానులు ఎందరో ఉండి కార్మికుల కోసం పోటీ పడితే, ఒక్కో అదనపు మనిషి తెచ్చే విలువ 30 రూపాయల చొప్పున తగ్గుతుందనుకుంటే, కూలి 660కి చేరి పదమూడు మందికి పని దొరుకుతుంది. ఇప్పుడు మళ్లీ ఒక్క యజమానే ఉన్నాడని, సంఘం వచ్చి అందరికీ 700 అని ఖాయం చేసిందని అనుకుందాం. ఇక కొత్త మనిషికి అయ్యే ఖర్చు 820 కాదు, సరిగ్గా 700. పదకొండో మనిషి 750, పన్నెండో మనిషి 720 విలువ తెస్తారు కాబట్టి యజమాని పన్నెండు మందిని పెట్టుకుంటాడు. సంఘం లేనప్పటికంటే కూలీ పెరిగింది, పనీ పెరిగింది. పోటీ ఉన్న ఊరితో పోలిస్తే మాత్రం ఒకరు తగ్గారు. సంఘం 800 అడిగితే తొమ్మిది మందే మిగులుతారు, మొదట ఉన్న పదిమందిలోనూ ఒకరు బయటికి పోతారు. అంటే సంఘం వల్ల ఉద్యోగాలు పెరుగుతాయా, తగ్గుతాయా అన్నది యజమాని అంతకుముందు ఎంత తక్కువ ఇస్తున్నాడు, సంఘం ఎంత దూరం వెళ్లింది అన్న రెండు విషయాల మీద ఆధారపడుతుంది.

సింగరేణికి వస్తే, పర్మినెంట్ కార్మికుడి వేతనం కొత్తగూడెంలో నిర్ణయం కాదు. కార్మికులు వేజ్‌బోర్డు అని పిలిచే జాతీయ బొగ్గు వేతన ఒప్పందాన్ని కోల్ ఇండియా స్థాయిలో యాజమాన్యాలు, సంఘాలు కలిసి కూర్చునే జేబీసీసీఐ కుదురుస్తుంది. 2023 మేలో సంతకాలైన పదకొండో ఒప్పందం 19 శాతం పెంపును ఖాయం చేసింది. వేతనం పైన ఖాయమైపోయింది కాబట్టి, ఎంతమందిని పెట్టుకోవాలన్న నిర్ణయం మాత్రమే సింగరేణి చేతిలో మిగిలింది. 1990ల మొదట్లో లక్షకు పైగా ఉన్న పర్మినెంట్ కార్మికులు ఇప్పుడు దాదాపు 40 వేలు. ఇదే కాలంలో ఏడాది ఉత్పత్తి రెండు కోట్ల టన్నుల లోపు నుంచి ఏడు కోట్ల టన్నులకు చేరింది. వారసత్వ ఉద్యోగాల కోసం సంఘాలు అంతగా పోరాడింది కూడా ఇందుకే. వేతనం మీద స్థానికంగా బేరం లేనప్పుడు ఉద్యోగాల సంఖ్య మీదైనా పట్టు ఉండాలని అవి చూశాయి.

ఈ తగ్గుదలకు వేజ్‌బోర్డే కారణమని చెప్పడం తొందరపాటు. భూగర్భ గనుల్లో తట్టలతో బొగ్గు నింపిన కోల్‌ఫిల్లర్ల పనిని ఎస్‌డీఎల్, ఎల్‌హెచ్‌డీ యంత్రాలు తీసుకున్నాయి, ఉత్పత్తిలో అత్యధిక భాగం ఓపెన్‌కాస్ట్‌కు మారింది. యంత్రం ప్రభావాన్ని, వేతనం ప్రభావాన్ని విడదీసి చూడటానికి ఒక గుర్తు ఉంది. పనే మాయమైతే దాన్ని తీసుకున్నది యంత్రం. పని అలాగే ఉండి, చేసే మనిషి మాత్రం వేరొకరి మస్టర్‌లోకి మారితే, అక్కడ పనిచేసింది వేతనాల మధ్య తేడా. కోల్‌ఫిల్లింగ్ మొదటి రకం. ఓపెన్‌కాస్టుల్లో మట్టి తొలగింపు, బొగ్గు రవాణా, సివిల్ పనులు, పారిశుద్ధ్యం రెండో రకం. ఈ పనులేవీ ఆగలేదు, కాంట్రాక్టరు చేతికి వెళ్లాయి.

2001లో సుప్రీంకోర్టు సెయిల్ కేసులో ఇచ్చిన తీర్పు ఈ దారిని మరింత సుగమం చేసింది. కాంట్రాక్టు విధానాన్ని నిషేధించినంత మాత్రాన ఆ కార్మికులు ప్రధాన యజమాని ఉద్యోగులు అయిపోరని ఆ తీర్పు చెప్పింది. అయిదేళ్ల ముందు ఎయిర్ ఇండియా కేసులో అదే కోర్టు చెప్పింది దీనికి విరుద్ధం.

కోల్ ఇండియా కాంట్రాక్టు కార్మికులకు హై పవర్ కమిటీ 2013 జనవరి నుంచి రోజుకు నైపుణ్యం లేని పనికి 464, అత్యధిక నైపుణ్యానికి 554 రూపాయల మూల వేతనం నిర్ణయించింది. సింగరేణిలో అది అమలు కాలేదు. ఆ ఒప్పందం కోల్ ఇండియాదని, కార్మికుల యజమాని కాంట్రాక్టరేనని, భారం పెరిగితే బొగ్గు ధర పెరుగుతుందని యాజమాన్యం వైపు నుంచి వినిపించే వాదన. కార్మికులు చెప్పేదాంట్లో ఎక్కువ బలం ఉంది. టెండరులో తక్కువ కోట్ చేసినవాడికే పని దక్కుతుంది కాబట్టి కాంట్రాక్టరు తగ్గించగలిగేది కూలినే. అంచనా వేసేది, బిల్లు చెల్లించేది సింగరేణి కనుక కూలి ఎంతో నిజంగా తేల్చేదీ సింగరేణే. మణుగూరు, భూపాలపల్లి వంటి చోట్ల ఆ పని వదిలితే అంతే స్థిరమైన మరో పని దొరకడం కష్టం. మన లెక్కలో చెప్పాలంటే వీరింకా 600 దగ్గరే ఉన్నారు. అక్కడి నుంచి పెంచినందుకు ఉద్యోగాలు పోవాల్సిన పని లేదు. మట్టి తొలగింపులో ఖర్చంతా డంపర్లది, డీజిల్‌ది. కూలి వాటా తక్కువ, కాబట్టి పెంపు ప్రభావమూ తక్కువే. పారిశుద్ధ్యంలో మాత్రం ఖర్చులో ఎక్కువ భాగం కూలే కనుక మనుషులను తగ్గించే ప్రమాదం నిజంగా ఉంది, మనుషుల సంఖ్యను కూడా టెండరులోనే రాయించుకోవాలి.

2022 సెప్టెంబరులో వీరు 18 రోజులు సమ్మె చేశారు. కొన్ని హామీలు దక్కాయి, హెచ్‌పీసీ వేతనం దక్కలేదు. 2023-24 లాభాల్లో వాటాగా పర్మినెంట్ కార్మికుడికి సగటున లక్షా 90 వేల రూపాయలు అందగా, కాంట్రాక్టు కార్మికులకు తొలిసారిగా 5 వేలు ఇచ్చారు. మొదటి మొత్తంలో 33 శాతం అన్న వాటా లెక్క ఉంది, దాని వెనుక ఓటున్న సంఘం ఉంది. రెండోది ప్రభుత్వం ఇస్తామంటే వచ్చింది.

2023 డిసెంబరు 27న జరిగిన గుర్తింపు సంఘం ఎన్నికలో దాదాపు 40 వేల మందికి ఓటు ఉంది. లాభాల్లో 5 వేలు అందుకున్న 25 వేల మందిలో ఎవరి పేరూ ఆ జాబితాలో లేదు. 2025 నవంబరులో అమల్లోకి వచ్చిన పారిశ్రామిక సంబంధాల కోడ్ కూడా బేరమాడే సంఘాన్ని సంస్థ మస్టర్ రోల్‌లో ఉన్న కార్మికుల లెక్కతోనే తేల్చమంటోంది.