వార్మ్ లైటు వెలుగుతుంటే థర్మల్ ఫ్యూజు జోలికి వెళ్లకండి: రైస్ కుక్కర్ అపోహలు - వాస్తవాలు

ప్లగ్ పెడితే వార్మ్ లైటు వెలుగుతుంది. లివర్ నొక్కినా అదే లైటు. ప్లేటు గోరువెచ్చగా ఉంటుంది తప్ప బియ్యం ఉడకవు. ఈ కంప్లయింటుతో వచ్చే కుక్కర్లలో చాలావాటిని అంతకుముందే ఎవరో ఒకరు విప్పి ఉంటారు. విప్పినవాళ్లు ముందుగా చేసే పని, ప్లేటు అతిగా వేడెక్కితే తెగిపోయి కరెంటు ఆపే థర్మల్ ఫ్యూజును కత్తిరించి, ఆ రెండు కొసలనూ వైరుతో కలిపేయడం. అందుకే మిగతావాటికంటే ముందు దీని గురించే చెప్పాలి. నేను రాస్తున్నది లివర్ ఉండే మామూలు కుక్కర్ల గురించి. డిస్‌ప్లే, బటన్లు ఉండే మోడళ్లలో బోర్డు వ్యవహారం వేరు.

అపోహ: కుక్ మోడ్‌లోకి వెళ్లట్లేదంటే థర్మల్ ఫ్యూజు పోయినట్టే.

వాస్తవం: మామూలు లివర్ కుక్కర్లలో ఈ ఫ్యూజు కరెంటు లోపలికి వచ్చే దారిలోనే ఉంటుంది. వార్మ్‌కైనా కుక్‌కైనా కరెంటు దాన్ని దాటుకునే వెళ్లాలి. అది పోతే ఏ లైటూ వెలగదు, కుక్కర్ పూర్తిగా చచ్చిపోతుంది. వార్మ్ లైటు వెలిగి ప్లేటు కాస్తయినా వెచ్చబడుతోందంటే ఫ్యూజు బాగున్నట్టే. దాన్ని విప్పి చూడాల్సిన పని కూడా లేదు.

ఆమధ్య ఒకావిడ ఇలాంటి కుక్కరే తెచ్చారు. "మా అబ్బాయి వీడియో చూసి ఫ్యూజు తీసేశాడండీ. అయినా ఉడకట్లేదు. ఇప్పుడు ప్లగ్ పెట్టాలంటేనే టెన్షన్‌గా ఉంది" అన్నారు. ఆవిడ భయం సరైనదే. లివర్ ఇరుక్కుపోయినా, స్విచ్ పాయింట్లు అతుక్కుపోయినా ప్లేటు వేడెక్కుతూనే పోతుంది. అప్పుడు దాన్ని ఆపడానికి లోపల మిగిలేది ఆ ఫ్యూజు ఒక్కటే. దాన్ని తీసేసి వైరు కలిపితే ఇక ఆపేది లేదు. ముందు ప్లాస్టిక్ కరుగుతుంది, తర్వాత వైర్లు అంటుకుంటాయి.

ఆ కుక్కర్ 700 వాట్లది. విప్పకుండానే ముందు ప్లగ్ దగ్గర మీటర్ పెట్టాను. మీరూ ఇంట్లో చేయగలిగిన పరీక్షే ఇది. ప్లగ్‌ని సాకెట్ నుంచి తీసి, కుక్కర్ పూర్తిగా చల్లారాక, గిన్నె లోపల పెట్టి, మల్టీమీటర్‌ను ఓమ్స్‌లో ఉంచి, ఎర్త్ కాని రెండు పిన్నుల మధ్య చూడాలి. 230 వోల్టుల మీద నడిచే 700 వాట్ల ప్లేటుకు 76 ఓమ్స్ దగ్గర్లో రావాలి. 230ని 230తో గుణించి వాట్లతో భాగిస్తే మీ కుక్కర్‌కు ఎంత రావాలో తెలుస్తుంది. లివర్ పైన ఉన్నప్పుడు వార్మ్ హీటర్ కూడా దారిలో ఉంటుంది కాబట్టి రీడింగు వెయ్యి ఓమ్స్ దాటుతుంది. లివర్ నొక్కగానే అది 76కి పడిపోవాలి.

ఆవిడ కుక్కర్‌లో లివర్ పైన ఉంటే 1,380. నొక్కినా 1,380. అంటే లివర్ కిందికి వెళ్లి నిలబడుతోంది గానీ దాని కింద ఉన్న స్విచ్ కలవట్లేదు. అడుగు రేకు విప్పి ప్లేటు కొసల దగ్గర చూస్తే 76 వచ్చింది, ప్లేటుకు ఏమీ కాలేదు. స్విచ్ పాయింట్లు మాత్రం బొగ్గులా నల్లబడ్డాయి. వాటిని నొక్కాల్సిన రాగి రేకు వంగిపోయి, లివర్ పూర్తిగా దిగినా మధ్యలో సన్నటి సందు మిగులుతోంది. సన్నటి ఎమరీ కాగితంతో రుద్ది, రేకు సరిచేసి మళ్లీ మీటర్ పెడితే 76 చూపించింది. తప్పు ఎక్కడుందో రుజువైంది. రుద్దిన పాయింట్లు మాత్రం ఎక్కువ కాలం నిలవవు. పైపూత కాలిపోయాక అవి మళ్లీ నల్లబడతాయి, అందుకే స్విచ్ మార్చాను. స్విచ్‌కి వచ్చే వైరు క్లిప్పు కూడా వదులై, దాని తొడుగు గోధుమరంగుకు తిరిగింది. వదులైన జాయింటు దగ్గర వేడి పుట్టి పాయింట్లను కాల్చేస్తుంది. ఆ కొస కత్తిరించి కొత్త క్లిప్పు వేయకపోతే కొత్త స్విచ్ కూడా అదే దారి పడుతుంది.

తీసేసిన ఫ్యూజు స్థానంలో కొత్తది వేశాను. పాతదాని ఒంటి మీద డిగ్రీలు, ఆంపియర్లు రాసి ఉంటాయి, కొత్తదానికీ అవే ఉండాలి. ఎక్కువ డిగ్రీలది వేస్తే ఎక్కువ కాలం వస్తుందనుకోవద్దు, ప్లేటు అంత ఎక్కువ వేడెక్కాకే అది తెగుతుంది. దీన్ని సోల్డర్ చేయకూడదు, ఆ వేడికే లోపల తెగిపోతుంది. క్రింప్ చేసి, వేడికి తట్టుకునే స్లీవ్ తొడిగి, మునుపు ఎక్కడ బిగించి ఉందో అక్కడే బిగించాలి. ప్లేటుకు దూరంగా గాల్లో వేలాడే ఫ్యూజుకు ప్లేటు వేడి తెలియదు.

అన్ని మోడళ్ల వైరింగూ ఒకటే కాదు. కొన్నింటిలో స్విచ్ వార్మ్ హీటర్‌ను వదిలేసి ప్లేటుకు మారుతుంది. అక్కడ లివర్ నొక్కగానే మీటర్ ఏమీ చూపకపోతే స్విచ్చో, ప్లేటో, దాని వైరో పోయినట్టు. విప్పి ప్లేటు కొసల దగ్గర చూస్తేనే ఏదో తేలుతుంది. ఇంకొన్నింటిలో వార్మ్ కోసం చిన్న బైమెటల్ థర్మోస్టాట్ ఉంటుంది. చల్లగా ఉన్నప్పుడు అది కలిసే ఉంటుంది కాబట్టి లివర్ పైనున్నా కిందున్నా 76 రావచ్చు. ఆ రకంలో బైమెటల్ వైరు ఒకటి ఊడదీసి, లివర్ నొక్కి చూడాలి.

అపోహ: థర్మోస్టాట్ పాడైంది కాబట్టే ఉడకట్లేదు.

లివర్ నొక్కితే నిలబడుతోందా లేదా, ముందు అది చూడండి. మధ్యలో ఉండే గుండ్రటి థర్మోస్టాట్‌లోని అయస్కాంతమే లివర్‌ను పట్టి ఉంచుతుంది. నీళ్లు ఉన్నంతసేపు గిన్నె అడుగు 100 డిగ్రీల దగ్గరే ఉంటుంది. నీళ్లు ఇంకి వేడి ఇంకొంచెం పెరగగానే అయస్కాంతం పట్టు వదులుతుంది, స్ప్రింగు లివర్‌ను లేపుతుంది. లివర్ గట్టిగా నిలబడుతోందంటే ఆ పట్టు బాగానే ఉంది, తప్పు స్విచ్ వైపే వెతకాలి. నిలబడకపోతే ముందు గిన్నె పెట్టారా, అడుగు సొట్టపోయిందా, థర్మోస్టాట్ చుట్టూ మెతుకు ఇరుక్కుందా చూడండి. ఒకసారి వండిన వెంటనే వేడి మీద నొక్కినా నిలబడదు, పావుగంట ఆగాలి. ఇవేవీ కాకపోతే అప్పుడు థర్మోస్టాట్ మార్చాలి.

అపోహ: లివర్‌కి టేపు అంటిస్తే ఉడుకుతుంది.

వద్దు. టేపు వేస్తే నీళ్లు ఇంకినా లివర్ లేవదు. ఫ్యూజుకు కూడా వైరు కలిపేసిన కుక్కర్‌కు టేపు వేయడమంటే ఇంట్లో నిప్పు వదిలేసి వెళ్లడమే.

అపోహ: ప్లేటు పోయింది, కొత్త కుక్కర్ కొనాల్సిందే.

కుక్ లైటు వెలుగుతున్నా వేడి రాకపోతే ప్లేటును అనుమానించండి. అప్పుడు కూడా ముందు దాని వైరు కొసలు కాలాయేమో చూడండి. కుక్ లైటు అసలు రావట్లేదంటే ప్లేటు కంటే స్విచ్‌నే అనుమానించాలి.

అన్నీ బిగించాక రెండు పరీక్షలు తప్పనిసరి. ప్లేటు లోహానికీ ఎర్త్ పిన్నుకూ మధ్య మీటర్ సున్నాకు దగ్గరగా చూపాలి. మిగతా రెండు పిన్నులకూ ఎర్త్‌కూ మధ్య ఏమీ చూపకూడదు. కాస్తయినా చూపితే ప్లగ్ పెట్టకండి. తర్వాత గిన్నెలో చిన్న గ్లాసుడు నీళ్లు పోసి లివర్ నొక్కి, పక్కనే నిలబడండి. నీళ్లు మరిగి ఇంకిపోయిన కాసేపటికే లివర్ టక్కున లేచి వార్మ్ లైటు రావాలి. గిన్నె పొడిబారినా లేవకపోతే వెంటనే ప్లగ్ తీసేయండి. థర్మోస్టాట్ మార్చేదాకా ఆ కుక్కర్ వాడొద్దు.