ఇద్దరు న్యాయవాదులు, ఒక బోర్డు: సంస్థ పేరు గురించి అపోహలు - వాస్తవాలు

న్యాయవాదుల మధ్య భాగస్వామ్య ఒప్పందాలు రాయడం నా పనిలో ఒక భాగం. కలిసి సంస్థ పెట్టదలచి నా దగ్గరికి వచ్చే ఇద్దరు మిత్రులు వాటాల గురించి గంటసేపు మాట్లాడి, పేరు విషయాన్ని మాత్రం బోర్డు రాసేవాడికి చెప్పే మాటలాగా ఒక వాక్యంలో ముగించేస్తారు. ఆ ఇద్దరి ఇంటిపేర్లు వేమూరి, తంగిరాల అనుకుందాం. ఈ రెండూ కలిపి పెట్టుకోవాలా, ఎవరి పేరూ లేని తటస్థమైన పేరు ఎంచుకోవాలా అన్నది వారి ప్రశ్న. దాని చుట్టూ నేను తరచుగా వినే అపోహలు ఇవి.

అపోహ: న్యాయవాదుల సంస్థకు భాగస్వాముల పేర్లే ఉండాలని బార్ కౌన్సిల్ నియమం.

వాస్తవం: అలాంటి నియమం లేదు. ఎవరి ఇంటిపేరూ కాని ట్రైలీగల్ అనే పేరుతో ఒక పెద్ద సంస్థ 2000 నుంచి మన దేశంలోనే నడుస్తోంది. అయితే తటస్థమైన పేరుకు హద్దులు ఉన్నాయి. బార్ కౌన్సిల్ ఆఫ్ ఇండియా నియమావళిలోని 36వ నియమం న్యాయవాది ప్రచారం చేసుకోవడాన్నీ, ఫలానా రకం కేసుల్లో నిపుణుడినని బోర్డు మీద సూచించడాన్నీ నిషేధిస్తుంది. కనుక 'భూవివాదాల నిపుణులు' అనే అర్థం వచ్చే పేరు ఎంత ఆకర్షణీయంగా ఉన్నా పనికిరాదు. 1932 నాటి భాగస్వామ్య చట్టంలోని 58వ సెక్షన్ ప్రభుత్వ ఆమోదం ఉన్నట్టు స్ఫురించే మాటలతో పాటు క్రౌన్, కింగ్, రాయల్ వంటి మాటలను కూడా రాష్ట్ర ప్రభుత్వ లిఖితపూర్వక అనుమతి లేకుండా వాడనివ్వదు. రాజులు పోయి ఇన్నేళ్లయినా ఆ జాబితా చట్టంలో అలాగే ఉంది.

అపోహ: ఇంటిపేర్లు పెడితే కక్షిదారులు మమ్మల్ని సులభంగా గుర్తుపడతారు.

వాస్తవం: ఈ నమ్మకం చివర ఇంటిపేరు వచ్చే సమాజాలకు సరిపోతుంది. మనకు ఇంటిపేరు ముందు వచ్చి, రోజువారీ వాడుకలో ఒక పొడి అక్షరంగా మిగిలిపోతుంది. వకాలత్‌నామా మీద సంతకం చేసేది వ్యక్తి, కోర్టు హాల్లో వినిపించేది ఆయన సొంత పేరు. ఏళ్ల తరబడి తమ కేసు నడిపిన వకీలు గారి ఇంటిపేరు చెప్పలేని కక్షిదారులను నేను చాలామందిని చూశాను. పోనీ పేర్ల చివర ఉండే మాటలతో 'రావు అండ్ రెడ్డి' అని పెడదామంటే, అవి ఇంటిపేర్లు కావు, ఆ జంట ఏ ఊళ్లోనైనా మరో బోర్డు మీద కనిపించవచ్చు, పైగా చదివినవారు న్యాయవాదుల కంటే ముందు కులాన్ని ఊహించుకుంటారు. ఇంగ్లిషు స్పెల్లింగు మరొక చిక్కు. వేమూరిని ఒకరు vemuri అని, మరొకరు vemoori అని టైపు చేస్తే ఈమెయిళ్లు దారి తప్పుతాయి. ఇంటిపేర్లే కావాలనుకుంటే ఒక స్పెల్లింగు నిర్ణయించి భాగస్వామ్య ఒప్పందపత్రమైన డీడ్‌లో, పాన్ కార్డులో, బ్యాంకు ఖాతాలో అదే వాడాలి.

అపోహ: నా ఇంటిపేరు నాది, వెళ్లిపోయేటప్పుడు నాతోపాటు తీసుకుపోతాను.

వాస్తవం: అన్నిటికంటే ఖరీదైన అపోహ ఇది. 'వేమూరి తంగిరాల అసోసియేట్స్' ఏడేళ్లు నడిచాక తంగిరాల గారు విడిపోతారనీ, పేరు గురించి డీడ్‌లో ఏమీ రాయలేదనీ అనుకుందాం. ఇద్దరే ఉన్న సంస్థలో ఒకరు వెళ్లిపోతే భాగస్వామ్యమే రద్దవుతుంది. అప్పుడు భాగస్వామ్య చట్టంలోని 55వ సెక్షన్ ప్రకారం గుడ్‌విల్, అంటే సంస్థ సంపాదించుకున్న మంచిపేరు విలువ కూడా, సంస్థ ఆస్తుల లెక్కలోకి వస్తుంది. లెక్కలు పూర్తిగా తేలేవరకు ఇద్దరిలో ఎవరైనా రెండోవారు అదే పేరుతో అదే వృత్తి నడపకుండా 53వ సెక్షన్ కింద అడ్డుకోవచ్చు. తంగిరాల గారు పక్క వీధిలోనే కొత్త కార్యాలయం తెరవవచ్చు, దానికి తన ఇంటిపేరు మాత్రమే పెట్టుకోవచ్చు. కానీ వేమూరి గారు గుడ్‌విల్ కొనుక్కుంటే పాత పేరు మొత్తం, అందులోని 'తంగిరాల'తో సహా, ఆయన వాడుకోవచ్చు. తంగిరాల గారు ఆ పేరును వాడకూడదు, పాత సంస్థ తనదేనని చెప్పుకోకూడదు. అంటే తన ఇంటిపేరు ఇంకొకరి బోర్డు మీద ఉండగా చూస్తూ ఊరుకోవలసి వస్తుంది.

బాధ్యత సంగతి కూడా ఉంది. రద్దు గురించి బహిరంగ ప్రకటన ఇచ్చేవరకు, సంస్థ పేరుతో జరిగిన పనులకు మూడో వ్యక్తుల పట్ల పాత భాగస్వాముల బాధ్యత 45వ సెక్షన్ ప్రకారం కొనసాగుతుంది. రిజిస్టరైన సంస్థ అయితే ప్రకటన అంటే రిజిస్ట్రార్ ఆఫ్ ఫర్మ్స్‌కు నోటీసు, అధికారిక గెజిట్‌లో ప్రచురణ, ఆ జిల్లాలో చదివే స్థానిక భాషా పత్రిక కనీసం ఒకదానిలో ప్రచురణ, ఈ మూడూ. బోర్డు మీద తన ఇంటిపేరు ఉన్నవారే ఈ ప్రకటన విషయంలో ఎక్కువ తొందరపడాలి.

పేరులో ఎంత విలువ ఉంటుందో తెలియాలంటే 1917లో మొదలైన అమర్‌చంద్ మంగళ్‌దాస్ సంస్థను చూడవచ్చు. 2015లో అది అన్నదమ్ముల మధ్య రెండుగా విడిపోయినప్పుడు ఏ ఒక్కరూ పాత పేరు వదులుకోలేదు. శార్దూల్ అమర్‌చంద్ మంగళ్‌దాస్, సిరిల్ అమర్‌చంద్ మంగళ్‌దాస్ అని పాత పేరుకు ముందు ఎవరి పేరు వారు చేర్చుకున్నారు. రాజీ కుదిరితేనే అలాంటి ఏర్పాటు సాధ్యం. అందుకే నేను రాసే డీడ్‌లలో మూడు విషయాలు తప్పక ఉంటాయి: విడిపోతే పేరు ఎవరికి, దానికి ఇచ్చే మొత్తాన్ని ఎలా లెక్కించాలి, వెళ్లినవారి ఇంటిపేరును ఎన్ని రోజుల్లో తొలగించాలి. ఈ గడువును నేను సాధారణంగా తొంభై రోజులని రాస్తాను.

అపోహ: ఒకరు మరణించినా పేరు ఉన్నంతకాలం సంస్థ ఉంటుంది.

వాస్తవం: భాగస్వామ్యానికి కనీసం ఇద్దరు కావాలి. మరణంతో సంస్థ రద్దుకాదని డీడ్‌లో రాసుకున్నా, ఇద్దరే ఉన్న సంస్థలో ఒకరు మరణిస్తే ఆ షరతు నిలవదని సుప్రీంకోర్టు 1965లోనే సేఠ్ గోవింద్‌రామ్ షుగర్ మిల్స్ కేసులో చెప్పింది. వారసులను చేర్చుకుందామన్నా, న్యాయవాది కానివారితో న్యాయవాది ఫీజు పంచుకునే భాగస్వామ్యం పెట్టుకోకూడదని బార్ కౌన్సిల్ నియమం. అయితే పాత పేరు కొనసాగినంత మాత్రాన, అందులో దివంగతుల పేరు ఉన్నంత మాత్రాన, వారి మరణం తర్వాత జరిగిన పనులకు వారి ఆస్తి బాధ్యత వహించదని భాగస్వామ్య చట్టంలోని 28వ సెక్షన్ భరోసా ఇస్తుంది. కాబట్టి కుటుంబం ఒప్పుకుంటే గౌరవంగా ఆ ఇంటిపేరును ఉంచుకోవచ్చు. ఆ ఒప్పుకోలు ఇద్దరూ బతికి ఉండగానే డీడ్‌లోకి రావాలి.

అపోహ: తటస్థమైన పేరు పెడితే తగాదా ఉండదు.

వాస్తవం: ఎవరిదీ కాని పేరు మీద ఇద్దరికీ సమానమైన హక్కు ఉంటుంది, తగాదా అక్కడే మొదలవుతుంది. ఇంటిపేరైతే కనీసం ఎవరి భాగం ఎవరిదో కంటికి కనిపిస్తుంది. రిజిస్ట్రార్ ఆఫ్ ఫర్మ్స్ దగ్గర నమోదైనంత మాత్రాన పేరు మీద సర్వహక్కు రాదు. దానికి న్యాయసేవలు చేరే 45వ తరగతిలో ట్రేడ్‌మార్కు దరఖాస్తు వేయాలి, అదీ ఒక్కరి పేరుతో కాకుండా భాగస్వాములిద్దరి పేర్లూ రాసి. నా అభిప్రాయంలో నాలుగైదేళ్లలో మూడో భాగస్వామిని చేర్చుకునే ఉద్దేశం ఉన్నవారికి తటస్థమైన పేరే మేలు, ఎందుకంటే ప్రతి కొత్త రాకకూ పేరు పొడిగిస్తూ, ఆ మార్పును ప్రతిసారీ 60వ సెక్షన్ కింద నమోదు చేయించడం తలనొప్పి. ఎప్పటికీ ఇద్దరమే అనుకునేవారు పైన చెప్పిన మూడు షరతులతో ఇంటిపేర్లు పెట్టుకోవచ్చు. ఏ దారి ఎంచుకున్నా డొమైన్ పేరు ఎవరి వ్యక్తిగత ఈమెయిల్‌తో కొన్నారో ముందే చూసుకోండి. విడిపోయిన రోజు డీడ్ ఏం చెప్పినా, వెబ్‌సైటు తాళం ఆ ఈమెయిల్ ఉన్నవారి చేతిలోనే ఉంటుంది.